నల్లబట్టలకు నూగు అంటుతోందా? వాషింగ్ మెషీన్ జాలీని ఇలా శుభ్రం చేయండి

కిందటి కార్తీకంలో మా తమ్ముడు అయ్యప్ప మాల వేసుకుని, విజయనగరంలో మా ఇంట్లోనే నలభై ఒక్క రోజులూ ఉన్నాడు. రెండు పూటలా స్నానం, పూటపూటకీ ఉతికిన నల్లబట్టలు. దీక్షలో ఉన్నవారి బట్టలు మిగతావాటితో కలపం కాబట్టి వాటిని మెషీన్‌లో విడిగానే వేసేదాన్ని. మూడో రోజు పొద్దున్న ఆరిన తుండు తీసి భుజాన వేసుకోబోతూ ఆగి, "అక్కా, ఇవి విడిగానే ఉతికావా?" అని అడిగాడు. నల్ల తుండు మీద అంగుళం ఖాళీ లేకుండా తెల్లటి నూగు. పంచె మడతల్లో, చొక్కా జేబు మూలల్లో అయితే దూది దూసినట్టుంది.

విడిగా ఉతికిన మాట నిజమే. అయితే ఆ నూగు ఎక్కడిది? మెషీన్ మూత తీసి, డ్రమ్ము గోడకు ఉండే జాలీ సంచి బయటకు లాగితే సమాధానం చేతిలోకి వచ్చింది. సంచి అడుగున తడిసిన అట్టముక్కలా నూగు పేరుకుని ఉంది. గోటితో విడదీసి చూస్తే లేత గులాబీ రంగు. అంతకుముందు వారం కొన్న కొత్త టర్కీ తువ్వాళ్ల రంగు అది. తుండు మీది నూగును వెలుతురులో పట్టి చూస్తే అది కూడా తెలుపు కాదు, అదే లేత గులాబీ.

పైనుంచి బట్టలు వేసే మెషీన్ ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఇది. చాలామంది సబ్బుపొడి మారుస్తారు, కొందరు మెషీన్‌నే తప్పుపడతారు. అసలు సంగతి ఆ జాలీ దగ్గర, దానికి అందే నీళ్ల దగ్గర ఉంటుంది.

నూగు నల్లబట్టలనే ఎందుకు పట్టుకుంటుంది?

నూలు దారమంటే పొట్టి పొట్టి దూది పోగుల్ని కలిపి మెలిపెట్టినదే. మన పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో ఏకి, రాట్నం మీద వడుకుతుంటే చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పోగుల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది ఆ మెలికే. మెలిక గట్టిగా ఉంటే పోగు ఊడదు. టర్కీ తువ్వాలుకు పైకి లేచి కనిపించే ఉచ్చులుంటాయి కదా, నీటిని బాగా పీల్చాలని ఆ ఉచ్చుల దారానికి మెలిక తక్కువగా పెడతారు. అందుకే ఉతికినప్పుడల్లా అందులోంచి పోగులు ఊడి నీళ్లలోకి వస్తాయి. కొత్త తువ్వాలు మొదటి నాలుగైదు ఉతుకుల్లో మరీ ఎక్కువ వదులుతుంది. పాత బనియన్లు, నలిగిన దుప్పట్లు, పొరపాటున జేబులో మిగిలిన బస్సు టిక్కెట్టు కూడా ఇంతే.

ఇలా ఊడిన నూగు నీళ్లలో తేలుతున్నంతసేపూ మనకు కనిపించదు. ఉతుకు అయ్యాక మెషీన్ నీళ్లు వదిలేసి డ్రమ్మును వేగంగా తిప్పుతుంది. అప్పుడు బట్టలన్నీ డ్రమ్ము గోడకు అతుక్కుపోతాయి. నీళ్లు బయటకు పోవాలంటే ఆ బట్టల్లోంచే పోవాలి. నీళ్లు పోతాయి, నూగు బట్ట మీదే ఆగిపోతుంది. కాఫీ పొడిని గుడ్డలో వడకడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతోంది. జాలీ పట్టవలసిన నూగును జాలీ పట్టకపోతే మీ నల్ల ప్యాంటే జాలీగా మారుతుంది.

తెల్లబట్టల మీద కూడా ఇంతే నూగు ఉంటుంది, కాని తెలుపు మీద తెలుపు కంటికి ఆనదు. నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ మీద ఒక్క పోగు కూడా దాగదు. దీనికి తోడు ముదురు రంగు బట్టల్లో పాలిస్టరు కలిసినవి ఎక్కువ. పిల్లల స్కూలు ప్యాంట్లు, లెగ్గింగ్సు అలాంటివే. పాలిస్టరు ఆరాక ఒరిపిడి తగిలితే దానికి స్థిర విద్యుత్తు పుట్టి, దగ్గరలో ఉన్న నూగును లాక్కుంటుంది. ఉక్కపోత రోజుల్లో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. చలికాలపు పొడిగాలిలో ఎక్కువగా తెలుస్తుంది. అయితే మా తమ్ముడి బట్టలు అచ్చమైన నూలువి. కాబట్టి అక్కడ దోషం మొత్తం నీళ్లది, జాలీది.

జాలీ ఎలా పనిచేస్తుంది?

ఇది తెలిస్తే శుభ్రం చేయడం సులువవుతుంది, శుభ్రం చేసినా ఫలితం రాకపోతే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. డ్రమ్ము అడుగున తిరిగే చక్రం ఉంటుంది, దాన్ని మెకానిక్కులు పల్సేటరు అంటారు. దాని కింది వైపు చిన్న రెక్కలుంటాయి. చక్రం తిరిగినప్పుడు ఆ రెక్కలు అడుగున ఉన్న నీటిని పక్కకు తోస్తాయి. ఆ నీళ్లు డ్రమ్ము గోడలో ఉన్న సన్నని కాలువ గుండా పైకెక్కి, జాలీ ఉన్నచోట లోపలికి దూకుతాయి. నూగుతో వచ్చిన నీళ్లు జాలీలోంచి కారి మళ్లీ బట్టల్లో కలుస్తాయి, నూగు సంచిలో ఉండిపోతుంది. ఉతుకుతున్నంతసేపూ ఇది సాగుతూనే ఉంటుంది.

అంటే జాలీ పని జరగాలంటే రెండు కావాలి. సంచిలో చోటుండాలి, నీళ్లు అంత ఎత్తుకు ఎక్కాలి.

శుభ్రం చేసే పద్ధతి

ఉతుకు పూర్తయి, డ్రమ్ము ఆగాక మెషీన్ స్విచ్చిని గోడ దగ్గరే ఆపేయండి. చెయ్యి డ్రమ్ములో పెట్టే ఏ పనికైనా ఇది తప్పదు. బట్టలన్నీ తీసేశాక లోపలి గోడను చూడండి. కొన్ని మెషీన్లలో ప్లాస్టిక్ చట్రానికి కుట్టిన మెత్తని జాలీ సంచి వేలాడుతూ ఉంటుంది. కొన్నిటిలో గోడకు అతికినట్టున్న సన్నని పెట్టె, దానికి లోపల జాలీ ఉంటుంది. కొన్నిటికి రెండు వైపులా రెండుంటాయి. చాలా ఇళ్లలో ఒకదాన్నే శుభ్రం చేస్తూ రెండోదాన్ని ఏళ్ల తరబడి మరిచిపోతారు, కాబట్టి చుట్టూ ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.

సంచి రకానికి చట్రం పైభాగంలో చిన్న నొక్కుడు మీట ఉంటుంది. దాన్ని బొటనవేలితో కిందికి నొక్కి చట్రాన్ని మీ వైపు లాగితే ఊడి వస్తుంది. జాలీని పట్టుకుని లాగకండి, కుట్టు దగ్గర చిరుగుతుంది. పెట్టె రకమైతే పైనున్న మీటను నొక్కి మొత్తం పెట్టెను బయటకు తీసి, తలుపులా తెరవాలి.

ఇప్పుడు కుళాయి దగ్గరకు పరుగెత్తకండి. ముందు సంచిని తిరగేసి, లోపలి వైపు బయటకు వచ్చేలా పట్టుకోండి. తడి నూగు ముద్దలా ఉంటుంది కాబట్టి ఒక మూల గోటితో లేపి మెల్లగా లాగితే ఉల్లిపొర ఒలిచినట్టు ఒకే ముక్కగా వచ్చేస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వేయండి. సింకులో, స్నానాల గది తూములో కడిగేస్తే అది లోపల జుట్టుతో కలిసి గొట్టానికి అడ్డుపడుతుంది.

అన్నట్టు పారేసే ముందు దాని రంగు చూడండి. నూగు వదిలిన బట్ట ఏదో ఆ రంగే చెప్తుంది. నాకు గులాబీ తువ్వాళ్లు దొరికింది అలాగే.

ముద్ద పోయాక కుళాయి ధార కింద, తిరగేసిన సంచికి ఇప్పుడు లోపలికి వెళ్లిన వైపు నుంచి నీళ్లు పడేలా పట్టండి. నూగు ఏ వైపు నుంచి జాలీ కళ్లలోకి దూరిందో దానికి ఎదురు వైపు నుంచి నీళ్లు తగిలితేనే బయటకు వస్తుంది. ఇరుక్కున్న పోగుల్ని పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా దువ్వండి. అడుగు కుట్టు వెంబడి, చట్రం అంచుల్లో ఎక్కువ పేరుకుంటుంది. పిన్నీసులు, సూదులు వాడితే కన్ను పెద్దదవుతుంది.

తర్వాత జాలీని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కళ్లన్నీ తెరుచుకుని వెలుతురు సమంగా రావాలి. అక్కడక్కడ మసకగా, తెల్లటి పొరలా కనిపిస్తే అది నూగు కాదు, సబ్బు మడ్డి లేదా బోరు నీళ్ల గార. మన వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్ల అంచుకు, కుళాయిల మూతులకు కట్టే తెల్లటి పొర ఉంటుందే, అదే ఇక్కడా కడుతుంది. ఉత్త నీళ్లకు అది పోదు. లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూను నిమ్మ ఉప్పు కలిపి, జాలీని అరగంట నాననిచ్చి మళ్లీ బ్రష్షుతో దువ్వి కడగండి. నిమ్మ ఉప్పు లేకపోతే ఒక కప్పు వెనిగర్, ఒక కప్పు నీళ్లు కలిపినా సరిపోతుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, ప్లాస్టిక్ చట్రం వంకరపోతే మళ్లీ తన చోట కూర్చోదు. పులుపు వాడేటప్పుడు బ్లీచింగ్ పొడిని గాని, తెల్లబట్టలకు వాడే బ్లీచు ద్రావణాన్ని గాని దగ్గరకు రానివ్వకండి. రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే విషవాయువు పుడుతుంది.

సంచిని మళ్లీ సరైన వైపుకు తిప్పి, చట్రం కింది కొక్కేలను ముందు గోడ గాడిలో పెట్టి, పైభాగాన్ని నొక్కండి. టక్కున శబ్దం రావాలి. రాకపోతే అది ఉతుకు మధ్యలో ఊడి బట్టల్లో పడుతుంది. జాలీ తీసేసి మెషీన్ తిప్పడం కూడా మంచిది కాదు, ఆ ఖాళీలో పలచని బట్టలు, చీర కొంగులు చిక్కి చిరుగుతాయి.

ఎన్నాళ్లకోసారి అంటే, తువ్వాళ్లో దుప్పట్లో ఉతికిన ప్రతిసారీ. మిగతా ఉతుకుల్లో రెండు మూడింటికి ఒకసారి చాలు. ఎండిన నూగుతో జాలీని అలాగే వదిలేస్తే, తర్వాతి ఉతుకులో నీళ్లు తగలగానే దానిలోంచి కొంత విడిపోయి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. మా ఇంట్లో విడిగా వేసిన నల్లబట్టలకు గులాబీ నూగు అంటడానికి ఒక కారణం ఇదే.

శుభ్రంగా ఉన్న జాలీ కూడా పట్టకపోతే

రెండో కారణం నాకు మర్నాడు గాని తెలియలేదు. జాలీ కడిగి పెట్టాను కదా అని ధైర్యంగా మళ్లీ తమ్ముడి బట్టలు వేశాను. రెండు పంచెలు, రెండు చొక్కాలు, ఒక తుండు. ఈసారి నూగు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. జాలీ తీసి చూస్తే అందులో ఏమీ లేదు, తడి కూడా సరిగా తగలలేదు.

అప్పుడు బట్టలు లేకుండా పరీక్ష చేశాను. ఇది మీరూ చేయవచ్చు, పావుగంట పని. నీటి మట్టం అతి తక్కువలో పెట్టి ఉతుకు మొదలుపెట్టండి. మూతకు అద్దముంటే పైనుంచే కనిపిస్తుంది. లేకపోతే చిన్న టార్చి పట్టుకుని మూత కొద్దిగా ఎత్తి చూడాలి. మూత తీస్తే ఆగిపోయే మెషీన్లకు అద్దం లోంచి చూడడమే దారి. చెయ్యి మాత్రం లోపలికి పెట్టకండి. జాలీ నోట్లోంచి నీళ్లు దూకుతున్నాయా లేదా అన్నదే మీరు చూడవలసింది. మా మెషీన్‌లో తక్కువ మట్టంలో ఒక్క చుక్క రాలేదు. మధ్య మట్టంలో సన్నగా కారాయి. పై మట్టంలో గుప్పెడు నీళ్లు గుబగుబమని దూకాయి.

అయిదు బట్టలే ఉన్నాయని మెషీన్ తనంతట తాను తక్కువ నీళ్లు తీసుకుంది. అంత తక్కువ నీళ్లు జాలీ దాకా ఎక్కవు. ముందు ఉతికిన తువ్వాళ్ల నూగు డ్రమ్ము రంధ్రాల్లో, అడుగున మిగిలి ఉంటే, దాన్ని పట్టేవారే లేరు, నల్లబట్టలు పట్టాయి. అందుకే అయిదారు నల్లబట్టలే ఉన్నా, నీటి మట్టాన్ని చేత్తో మార్చి మీ మెషీన్‌లో నీళ్లు జాలీ నుంచి దూకే మట్టానికి పెట్టండి. మాకు అది మధ్య మట్టానికి ఒక మెట్టు పైన. నీళ్లు కాస్త ఎక్కువ ఖర్చవుతాయి, నిజమే. కాని మళ్లీ ఉతికే నీళ్లతో పోలిస్తే ఆదాయే.

దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు డ్రమ్మును కూరడం. సంక్రాంతికి, సిరిమాను పండుగకు బంధువులు వచ్చి వెళ్లాక దుప్పట్లన్నీ ఒకేసారి వేసేస్తాం. బట్టలు కదలడానికి చోటు లేకపోతే నీళ్లు కూడా కదలవు, జాలీ మీద బట్ట అడ్డుపడుతుంది. తడిపాక కూడా డ్రమ్ములో మూడో వంతు ఖాళీగా కనిపించాలి.

పై మట్టంలో, బట్టలు లేకుండా తిప్పినా నీళ్లు దూకకపోతే కాలువలోనో, పల్సేటరు కిందో మడ్డి పేరుకుని ఉంటుంది. ఇది జాలీ కడిగితే పోయేది కాదు. పల్సేటరు మధ్యనున్న స్క్రూ విప్పి చక్రాన్ని పైకి తీయాలి. గట్టిగా బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి అలవాటు లేనివారు మెకానిక్కును పిలవడమే మేలు. ఆయన చక్రం ఎత్తేటప్పుడు పక్కనే ఉండి చూడండి. అడుగున నూగు, సబ్బు మడ్డి కలిసి నల్లటి పాచిలా కనిపిస్తుంది, అక్కడక్కడ పిన్నీసులు, గుండీలు, నాణేలు కూడా దొరుకుతాయి. రెక్కల సందుల్లో ఉన్న ఆ పాచిని పూర్తిగా గీకించండి. రెక్కలు అరిగిపోయి ఉంటే అప్పుడే మార్పించుకోవచ్చు.

ఉతికే వరుస, సబ్బు కొలత

ఒకే రోజు రెండు విడతలు ఉతకాల్సి వస్తే ముదురు రంగులు ముందు, తువ్వాళ్లు తర్వాత. నేను చేసింది సరిగ్గా తలకిందులు. పొద్దున్న తువ్వాళ్లు, ఆ తర్వాత నల్లబట్టలు. వరుస మార్చిన రోజు నుంచే తేడా కనిపించింది. నల్లబట్టల్ని తిరగేసి వేస్తే అంటే గింటే లోపలి వైపు అంటుతుంది.

సబ్బుపొడి ఎక్కువైనా నూగు అంటుకుంటుంది. సరిగా జాడించుకుపోని సబ్బు బట్ట మీద పలచని జిగురులా మిగిలి పోగుల్ని పట్టి ఉంచుతుంది. కఠినత్వం ఎక్కువున్న బోరు నీళ్లలో మామూలు బట్టల సబ్బు అయితే విరిగిన పాలలా తెల్లటి తునకలు కడుతుంది, అవీ ముదురు బట్టల మీద నూగులాగే కనిపిస్తాయి. రెండిటికీ తేడా చెప్పడం తేలిక. తడి వేలితో రుద్దితే సబ్బు తునక జారి నలిగిపోతుంది, నూగు పోగులా సాగుతుంది. సబ్బు తునకలైతే మళ్లీ ఒకసారి ఎక్కువ నీళ్లతో జాడింపు ఒక్కటే పెట్టండి, పొడి కొలత తగ్గించండి.

ఇప్పటికే అంటిన నూగు ఎలా తీయాలి?

తడి బట్టను చేత్తో రుద్దకండి. పోగులు నేతలోకి ఇంకా దూరతాయి. పూర్తిగా ఆరనిచ్చి, డాబా మీద గాలి వీచే వైపుకు వీపు పెట్టి గట్టిగా నాలుగుసార్లు దులపండి. సగం అక్కడే పోతుంది. మిగిలినదానికి వెడల్పాటి ప్యాకింగ్ టేపును జిగురు పైకి వచ్చేలా అరచేతికి చుట్టుకుని, పైనుంచి కిందికి అద్దుతూ రండి. పంచె అంత పెద్ద బట్టకైతే అంట్లు తోమే రబ్బరు చేతితొడుగును కొద్దిగా తడిపి, ఒకే దిక్కుగా రాస్తే నూగు చుట్టలు చుట్టుకుని అంచుకు చేరుతుంది. వెనక్కీ ముందుకూ రాస్తే వచ్చింది మళ్లీ అంటుతుంది.

జాలీ చిరిగితే

వెలుతురుకు పట్టి చూసినప్పుడు చిటికెన వేలి కొన పట్టేంత రంధ్రం కనిపించినా ఆ జాలీ పనికిరానట్టే. నీళ్లు దగ్గరి దారి వెతుక్కుంటాయి, నూగంతా ఆ రంధ్రంలోంచే వెనక్కి వస్తుంది. కుట్టు ఒక్కటే ఊడితే నైలాను దారంతో దగ్గర దగ్గరగా కుట్టుకోవచ్చు. జాలీయే చిరిగితే కొత్తది కొనాలి. పాత చట్రాన్ని వెంట తీసుకుని స్పేరు పార్టుల దుకాణానికి వెళ్లండి. మెషీన్ పేరు ఒక్కటే చెప్తే పొడవులో అర అంగుళం తేడా ఉన్నది ఇచ్చేస్తారు, అది గాడిలో కూర్చోదు. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, మీట ఉన్నచోటు, కింది కొక్కేలు కలుస్తున్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి.

అంతా సరిగా చేసినా జాలీ నూటికి నూరు పాళ్లూ పట్టదు. దాని దాకా వచ్చిన నీళ్లలో ఉన్నదే అది పట్టగలదు. మా గులాబీ తువ్వాళ్లను మరో నాలుగుసార్లు ఒంటరిగా ఉతికేదాకా జాలీలో ప్రతిసారీ ముద్ద దొరుకుతూనే ఉంది, అయిదోసారికి గోటికి అంటేంత మాత్రమే వచ్చింది. తమ్ముడు ఇరుముడి కట్టుకుని బయల్దేరిన రోజు పొద్దున్న, వాడి నల్ల తుండును గుమ్మం వెలుతురులో పరిచి మరీ చూశాను. ఒకటి రెండు పోగులుంటే టేపుతో అద్ది తీసి, భుజాన వేశాను.